ఎనభై మార్కులంటే ఎన్ని ప్రశ్నలు?

ఎంసెట్ ఫలితాలు వచ్చిన రోజు ఏ హాస్టల్ వరండాలో చూసినా ఒకటే ప్రశ్న: "నీకెన్నొచ్చాయిరా?" ఒకడు కీ దగ్గర పెట్టుకొని తాను లెక్కేసుకున్న మార్కులు చెబుతాడు. ఇంకొకడు ర్యాంకు కార్డు మీద అచ్చయిన మార్కులు చెబుతాడు. రెండూ 160కే కాబట్టి రెండూ ఒకటే అనుకొని పోల్చుకుంటాం. మొదటివి అసలు మార్కులు, అంటే సరిగ్గా పెట్టిన జవాబుల సంఖ్య. రెండోవి నార్మలైజ్డ్ మార్కులు. ర్యాంకుకు ఆధారం ఈ రెండోవే.

ఈ తేడా తెలియకపోవడం వల్ల మన హాస్టళ్లలో ఒక సలహా తరతరాలుగా నడుస్తోంది. "అన్నకు 80 మార్కులకు మంచి ర్యాంకు వచ్చింది, నువ్వూ 80 ప్రశ్నలు సరిగ్గా పెట్టు చాలు" అని. ఈ సలహాను మనం ఆపేయాలన్నది నా అభిప్రాయం. దాని స్థానంలో ఏం పెట్టుకోవాలో కూడా చెబుతాను. కాస్త లెక్క ఉంది గానీ కూడికలు, తీసివేతలు, ఒక గుణకారం దాటి పోదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి, తెలంగాణలో 2018 నుంచి ఎంసెట్‌ను కంప్యూటర్ మీద పెడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అయింది. లక్షల మందికి ఒకేసారి కంప్యూటర్లు దొరకవు గనుక పరీక్షను కొన్ని రోజుల పాటు ఉదయం, మధ్యాహ్నం సెషన్లుగా జరుపుతారు. ప్రతి సెషన్‌కూ వేరే పేపరు. ఎంత జాగ్రత్తగా తయారు చేసినా రెండు పేపర్లు ఒకే బరువు తూగవు. ఒక పేపర్లో 74 తెచ్చుకోవడం, ఇంకో పేపర్లో 84 తెచ్చుకోవడం ఒకే శ్రమ కావచ్చు. ఆ తేడాను సరిచేయడానికే నార్మలైజేషన్.

దాని పద్ధతిని ఇలా ఊహించుకోండి. ప్రతి సెషన్ ఒక కొలబద్ద. దాని మీద రెండు గుర్తులు పెడతారు. కింది గుర్తు ఆ సెషన్ రాసిన వారి సగటు మార్కుకు ప్రామాణిక విచలనాన్ని కలిపితే వచ్చే సంఖ్య. ప్రామాణిక విచలనమంటే మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. ఇంటర్ లెక్కల్లో చదివేదే. పై గుర్తు ఆ సెషన్‌లో అందరికంటే ముందున్న 0.1 శాతం మంది, అంటే వెయ్యికి ఒక్కరి చొప్పున, తెచ్చుకున్న మార్కుల సగటు. ఇవే రెండు గుర్తులను అన్ని సెషన్ల వారినీ కలిపి కూడా లెక్కిస్తారు. అది పెద్ద కొలబద్ద. తర్వాత సెషన్ కొలబద్దను సాగదీసో, కుదించో, దాని రెండు గుర్తులు పెద్ద కొలబద్ద మీది రెండు గుర్తులకు సరిగ్గా ఆనేలా పరుస్తారు. అప్పుడు మీ అసలు మార్కు పెద్ద కొలబద్ద మీద ఏ అంకె దగ్గర పడుతుందో అదే మీ నార్మలైజ్డ్ మార్కు.

ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఏ సంవత్సరపు అంకెలూ కావు, లెక్క తేలిగ్గా ఉండడానికి నేను ఎంచుకున్నవి. అందరినీ కలిపితే సగటు 52, విచలనం 20. కాబట్టి పెద్ద కొలబద్ద కింది గుర్తు 72. పై గుర్తు 144. రెండింటి మధ్య దూరం 72.

ఇప్పుడు ఒక కఠినమైన సెషన్. సగటు 48, విచలనం 18, కింది గుర్తు 66. పై గుర్తు 130. మధ్య దూరం 64. ఈ 64ను 72గా సాగదీయాలి. అంటే ఇక్కడి ఒక్కో మార్కుకు పెద్ద కొలబద్ద మీద 72/64, అంటే 1.125 మార్కుల విలువ. కాబట్టి ఈ సెషన్ వారికి సూత్రం ఇది:

నార్మలైజ్డ్ మార్కు = 72 + (అసలు మార్కు − 66) × 1.125

అదే ఒక సులువైన సెషన్ తీసుకోండి. సగటు 54, విచలనం 21, కింది గుర్తు 75. పై గుర్తు 150. మధ్య దూరం 75. దీన్ని 72కు కుదించాలి. ఒక్కో మార్కు విలువ 72/75, అంటే 0.96. సూత్రం:

నార్మలైజ్డ్ మార్కు = 72 + (అసలు మార్కు − 75) × 0.96

ఇప్పుడు మన అసలు ప్రశ్న. "నాకు నార్మలైజ్డ్ 80 కావాలి. ఎన్ని ప్రశ్నలు సరిగ్గా పెట్టాలి?" సూత్రాన్ని వెనక్కి నడపాలి. ముందు 80లోంచి 72 తీసేస్తే 8. ఈ 8 పెద్ద కొలబద్ద మీది మార్కులు. వీటిని సెషన్ మార్కుల్లోకి మార్చడానికి విలువతో భాగించాలి, గుణించకూడదు. తర్వాత సెషన్ కింది గుర్తును కలపాలి.

కఠినమైన సెషన్‌లో 8ని 1.125తో భాగిస్తే 7.11. దానికి 66 కలిపితే 73.11. మార్కులు పూర్ణ సంఖ్యలు కాబట్టి పైకి సవరించి 74 అనుకోవాలి. సులువైన సెషన్‌లో 8ని 0.96తో భాగిస్తే 8.33. దానికి 75 కలిపితే 83.33. అంటే 84 కావాలి. వచ్చిన జవాబును మళ్లీ ముందు సూత్రంలో పెట్టి సరిచూసుకోండి. కఠినమైన సెషన్‌లో 74కు 81 వస్తుంది, 73కు 79.875 మాత్రమే వస్తుంది. సులువైన సెషన్‌లో 84కు 80.64, 83కు 79.68. లెక్క సరిపోయింది.

చూశారా, ఒకే లక్ష్యానికి ఒక సెషన్‌లో 74 ప్రశ్నలు, ఇంకో సెషన్‌లో 84 ప్రశ్నలు. అన్న చెప్పిన 80 నార్మలైజ్డ్ మార్కే అయితే, దాన్ని 80 ప్రశ్నలుగా మార్చుకొని సులువైన సెషన్‌లో కూర్చున్న తమ్ముడికి చివరికి వచ్చేది 76.8. కీ వచ్చిన రోజు 80 లెక్కపెట్టుకొని నిశ్చింతగా ఉంటాడు. కఠినమైన సెషన్ రాసినవాడు 74 లెక్కపెట్టుకొని, ఇక మనకు రాదులే అని ఫలితాలకు ముందే లాంగ్ టర్మ్ కోచింగ్ ఫీజుకు అప్పు కోసం ఇంట్లో వాళ్లను తిప్పుతాడు. కీకి, ఫలితాలకు మధ్య ఉన్న రోజుల్లో ఇలాంటి నిర్ణయాలు జరుగుతాయి. అందుకే ఈ లెక్క తెలిసి ఉండాలంటున్నాను.

ఇక్కడ ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. "మా సెషన్‌లో రవిగాడికి తొమ్మిది మార్కులు కలిశాయి, నాకూ తొమ్మిది కలుస్తాయి" అనుకోవడం. మన కఠినమైన సెషన్‌లోనే చూడండి. 90 తెచ్చుకున్నవాడికి 99 అవుతుంది, తొమ్మిది కలిశాయి. 50 తెచ్చుకున్నవాడికి 54 మాత్రమే, కలిసినవి నాలుగే. 18 వచ్చినవాడికి లెక్క ప్రకారం 18 అలాగే ఉంటుంది. కొలబద్దను సాగదీస్తున్నారు గనుక కలిసే మార్కులు అందరికీ ఒకటి కావు. పైకి పోయేకొద్దీ పెరుగుతాయి. కాబట్టి స్నేహితుడికి కలిసిన మార్కులను మన మార్కులకు కలుపుకోవడం లెక్క కాదు.

మరి పరీక్షకు ముందు మనకు మన సెషన్ గుర్తులు ఎలా తెలుస్తాయి? తెలియవు. ఎవరికీ తెలియవు. ఆ సెషన్ రాసినవారందరి మార్కులూ వచ్చాకే ఆ గుర్తులు పుడతాయి. "ఈసారి ఇన్ని ప్రశ్నలు పెడితే ఇన్ని నార్మలైజ్డ్ మార్కులు" అని పరీక్షకు ముందే ఒకే ఒక్క అంకె చెప్పేవారు ఎవరైనా ఊహించి చెబుతున్నట్టే. నిరుటి రెండో రోజు ఉదయం సెషన్‌కు, ఈ ఏటి రెండో రోజు ఉదయం సెషన్‌కు ఏ సంబంధమూ లేదు. పేపరు వేరు, రాసినవారు వేరు.

కానీ ఫలితాలు వచ్చాక మాత్రం మనకు ఒక మార్గం ఉంది. సూత్రాన్ని మళ్లీ చూడండి. అది ఒక సరళరేఖ. రెండు బిందువులు తెలిస్తే రేఖ గీయవచ్చని పదో తరగతిలోనే చదువుకున్నాం. ఒకే సెషన్ రాసిన ఇద్దరి అసలు మార్కులు, నార్మలైజ్డ్ మార్కులు మన దగ్గర ఉంటే ఆ సెషన్ రేఖ మన చేతికి వచ్చినట్టే. సగటులు, విచలనాలు ఎవరూ చెప్పనక్కర లేదు.

మన కఠినమైన సెషన్ రాసినవాళ్లు హాస్టల్లో ఇద్దరున్నారనుకోండి. ఒకడికి అసలు 58, నార్మలైజ్డ్ 63. ఇంకొకడికి అసలు 90, నార్మలైజ్డ్ 99. అసలు మార్కుల తేడా 32, నార్మలైజ్డ్ తేడా 36. ఒక్కో మార్కు విలువ 36/32, అంటే 1.125. సూత్రంతో వచ్చిన విలువే వచ్చింది. ఇప్పుడు 80 కావాలంటే ఎంత? 63 నుంచి 80కి 17 దూరం. 17ను 1.125తో భాగిస్తే 15.11. 58కి కలిపితే 73.11. ఇందాకటి జవాబే.

ఈ పనిలో మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. మొదటిది, అసలు మార్కులు ఫైనల్ కీతో లెక్కపెట్టాలి. ప్రాథమిక కీ మీద అభ్యంతరాలు వచ్చాక కొన్ని జవాబులు మారవచ్చు, ఒక్కోసారి ప్రశ్నకే అందరికీ మార్కు కలపవచ్చు. రెండోది, ఇద్దరి మార్కులూ దూరంగా ఉండాలి. 58, 62 వచ్చిన ఇద్దరినీ తీసుకున్నారనుకోండి. నార్మలైజ్డ్ 63, 67.5. రెండోవాడు ఒక్క మార్కు తప్పు లెక్కేసి 61 అని చెబితే విలువ 4.5/3, అంటే 1.5 వస్తుంది. ఆ రేఖ మీద 90కి 111 చూపిస్తుంది. నిజం 99 కదా. అదే 90 వచ్చినవాడు ఒక్క మార్కు తప్పి 89 అని చెబితే విలువ 1.16 దగ్గర ఆగుతుంది, మధ్యలో ఉన్నవాడికి తేడా ఒక మార్కు కూడా ఉండదు. మూడోది, మూడో మనిషి సాక్ష్యం. 50 వచ్చినవాడికి 54 వచ్చిందా అని చూడండి. మూడు బిందువులూ ఒకే గీత మీద పడితే లెక్క నమ్మవచ్చు. పడకపోతే ముగ్గురిలో ఎవరిదో కీ లెక్క తప్పు, లేదా ఎవరో సెషన్ పేరు తప్పు చెప్పారు. ఇంజనీరింగ్ వారిని, అగ్రికల్చర్–ఫార్మసీ వారిని కలిపినా ఇదే జరుగుతుంది. అవి రెండు వేరు పరీక్షలు.

ఈ పద్ధతి సరళరేఖ సూత్రం వాడే పరీక్షలకే. జేఈఈ మెయిన్‌లో 2019 నుంచి పర్సెంటైల్ పద్ధతి ఉంది. అక్కడ మీ సెషన్‌లో మీతో సమానంగానో, మీకంటే తక్కువగానో మార్కులు వచ్చినవారు నూటికి ఎంతమందో లెక్కిస్తారు. అది సరళరేఖ కాదు. అక్కడ ఇద్దరి మార్కులతో గీత గీస్తే తప్పుదారి పడతాం.

ఇక ఈ సూత్రానికి ఉన్న హద్దుల సంగతి. పై గుర్తు కొద్దిమంది మీద నిలబడింది. ఒక సెషన్ పాతిక వేల మంది రాస్తే వెయ్యికి ఒక్కరి చొప్పున పాతిక మంది. నాలుగు వేల మందే రాస్తే నలుగురు. ఆ నలుగురిలో ఒకరిద్దరు అసాధారణమైన పిల్లలైతే పై గుర్తు జరుగుతుంది. మన ఉదాహరణలో అది 130 బదులు 133 అయితే 90 వచ్చినవాడికి 99 బదులు 97.8 వస్తుంది. 66 దగ్గర ఉన్నవాడికి మాత్రం ఏ తేడా ఉండదు, ఎందుకంటే అతను కింది గుర్తు మీదే నిలబడ్డాడు.

రెండో హద్దు మనకు ఇంకా దగ్గరిది. నార్మలైజేషన్ సెషన్‌కూ సెషన్‌కూ మధ్య తేడాను సరిచేస్తుంది. ఒకే సెషన్ లోపల ఉన్న తేడాలను సరిచేయదు. ఒక ప్రశ్నకు తెలుగు అనువాదం తప్పుగా ఉంటే నష్టపోయేది తెలుగులో చదివినవారు. ఆ నష్టం సెషన్ సగటులో కలిసిపోయి, దాని సర్దుబాటు ఇంగ్లీషులో చదివినవారికి కూడా సమానంగా పంచబడుతుంది. తెలుగు మీడియం వారికి జరిగిన నష్టం అలాగే మిగులుతుంది. "ఎలాగూ నార్మలైజేషన్ చేస్తారు కదా" అని ఊరుకోవడానికి వీలులేని చోటు ఇది. దీనికి ఒకటే దారి. ప్రాథమిక కీ వచ్చిన తర్వాత ఇచ్చే కొద్ది రోజుల గడువులోనే ఆ ప్రశ్న నంబరుతో, ఆధారంతో అభ్యంతరం పంపాలి. ఫలితాలు వచ్చాక ఏ సూత్రమూ దాన్ని వెనక్కి తీసుకురాదు.

కొందరు మిత్రులు అసలు నార్మలైజేషనే అన్యాయం, అది మార్కులు కోసేసే యంత్రం అంటారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. సులువైన సెషన్‌లో 84 ప్రశ్నలు సరిగ్గా పెట్టి 80.64 చూసుకున్నవాడికి మూడు మార్కులు పోయినట్టే అనిపిస్తుంది. కానీ అది లేకపోతే కఠినమైన సెషన్‌లో 74 తెచ్చుకున్నవాడు పది మార్కులు వెనకబడతాడు, ఏ తప్పూ చేయకుండా. నా అభ్యంతరం సూత్రం మీద కాదు, అది విద్యార్థికి కనిపించకపోవడం మీద. ప్రతి ర్యాంకు కార్డు మీద ఆ సెషన్ రెండు గుర్తులు, మొత్తం మీద రెండు గుర్తులు, నాలుగే నాలుగు సంఖ్యలు అచ్చు వేయాలి. అప్పుడు తన మార్కులు ఎక్కడ కలిశాయో, ఎక్కడ తగ్గాయో ప్రతి విద్యార్థీ తానే లెక్క చూసుకోగలడు. అనుమానాలకు, పుకార్లకు చోటుండదు.

ఆ సంఖ్యల కోసం అడుగుతూనే మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. మన హాస్టల్ లైబ్రరీలో ఒక రిజిస్టరు పెడదాం. పేర్లు అక్కర లేదు. సంవత్సరం, ఇంజనీరింగా అగ్రికల్చరా, పరీక్ష తేదీ, ఉదయమా మధ్యాహ్నమా, ఫైనల్ కీ ప్రకారం అసలు మార్కులు, నార్మలైజ్డ్ మార్కులు, ర్యాంకు. ఏడు గళ్లు. ర్యాంకు గడి తప్పనిసరి. ఎందుకంటే పెద్ద కొలబద్ద కూడా ఏటికేడూ మారుతుంది. నిరుటి 80, ఈ ఏటి 80 ఒకే చోట ఉండాలని లేదు. ఇంటర్ మార్కుల వెయిటేజీ ఉన్న చోట అది నార్మలైజేషన్ తర్వాత కలుస్తుంది కాబట్టి, అలాంటి ర్యాంకు పక్కన ఆ సంగతి కూడా రాయాలి. ఒక్క హాస్టల్లో ఒకే సెషన్ రాసినవారు ఇద్దరు దొరకకపోతే పక్క హాస్టల్ వారిని కలుపుకోవచ్చు. పూర్వ విద్యార్థులు తమ పాత ర్యాంకు కార్డులు, రెస్పాన్స్ షీట్లు దాచుకొని ఉంటే వాటి నుంచీ ఈ గళ్లు నింపవచ్చు.

రెండు మూడేళ్ల సెషన్లు రిజిస్టర్లో చేరితే లక్ష్యం పెట్టుకునే తీరే మారుతుంది. నార్మలైజ్డ్ 80కి ఒక సెషన్‌లో 74, ఇంకో సెషన్‌లో 84 పట్టిందని కళ్లముందు కనిపిస్తుంది. అప్పుడు సగటు తీసి 79 అనుకోవద్దు. 79తో సులువైన సెషన్‌లో పడితే వచ్చేది 75.84. రిజిస్టర్లో కనిపించిన పెద్ద అంకెనే, అంటే 84నే, లక్ష్యంగా పెట్టుకోవాలి. సెషన్‌ను ఎంచుకునే వీలు మనకు లేదు కాబట్టి సులువైనదే వస్తుందని సిద్ధపడాలి. ఇంతా చేసి కఠినమైన పేపరు వస్తే, పరీక్ష గదిలో మొదటి పది ప్రశ్నలు చూసి గుండె జారనివ్వకండి. ఆ రోజు మీకు కావలసింది 84 కాదు, అంతకంటే తక్కువే. ఎంత తక్కువో ఆ గదిలో ఎవరికీ తెలియదు గనుక, వచ్చిన ప్రశ్న ఒక్కటీ వదలకుండా పెట్టుకుంటూ పోవడమే అప్పుడు చేయగలిగిన లెక్క.

వార్డెన్ గారు ఒక రిజిస్టరు ఇప్పిస్తే చాలు. ఈ ఏడాది ఫలితాలు వచ్చిన వారం లోపల మొదటి పేజీ నిండాలి. మొదటి వరుస రాసేవారు, ఫైనల్ కీతో లెక్కపెట్టిన తర్వాతే రాయండి.